వార్షికోత్సవంలో సన్మాన పత్రం చదవడం: రాసే దగ్గర నుంచి చివరి మాట దాకా

జనవరి దాటితే శ్రీకాకుళం, విజయనగరం వైపు వార్షికోత్సవాల కాలం మొదలవుతుంది. గ్రంథాలయ సంఘాలు, కాలనీ సంఘాలు, కళా సమితులు, పాఠశాలలు అన్నీ ఎవరో ఒకరిని సన్మానిస్తాయి. పదేళ్ళకు పైగా వేదికల మీద పత్రాలు రాసి చదువుతున్నాను కాబట్టి చాలామంది ఫోన్ చేసి అడిగేది ఒకటే: "సన్మాన పత్రం నన్ను చదవమన్నారండీ, ఎలా రాయాలి, ఎంత స్పీడుగా చదవాలి?" విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్తాను. శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయ సంఘం వార్షికోత్సవం. సన్మానం పొందూరులో ఖాదీ నూలు వడికే ఒక పెద్దావిడకి. ఈ ఆవిడ, ఈ సంఘం నేను ఉదాహరణకు అనుకున్నవి. పొందూరు పని వివరాలు మాత్రం నిజమైనవే.

## 1. చదివే ప్రతి వేరు, ఫ్రేము ప్రతి వేరు

మన దగ్గర సన్మాన పత్రాన్ని ముందు అందంగా డిజైన్ చేయించి, ప్రింట్ తీయించి, ఫ్రేము కట్టిస్తారు. సభలో ఆ ఫ్రేమునే చేత్తో పట్టుకుని చదువుతారు. చాలా ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి.

ఫ్రేములో అక్షరాలు చిన్నవి, వెనక పూల డిజైను ఉంటుంది, పైన అద్దం ఉంటుంది. స్టేజీ లైటు అద్దం మీద పడితే సగం వరుసలు కనపడవు. పైగా ఫ్రేము బరువు. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో మైకును పట్టుకుంటే రెండో పేరాకే చేయి వణుకుతుంది. సభకి అది భయంలా కనిపిస్తుంది.

అందుకే రెండు ప్రతులు తయారు చేయండి. ఫ్రేము ప్రతి ఇంటి గోడ మీద పదేళ్ళు ఉండేది. అందులో సంప్రదాయ పద్ధతిలో పేరా పేరాకీ "కళామూర్తీ!", "స్నేహశీలీ!" అని సంబోధనలు పెట్టుకోవచ్చు, సమాసాలు వాడుకోవచ్చు. కంటితో చదివే మనిషి ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోగలడు.

చెవితో వినే మనిషికి వెనక్కి వెళ్ళే అవకాశం లేదు. చదివే ప్రతి అతని కోసం. రెండింటిలో వివరాలు ఒకటే ఉండాలి, వాక్యాలు ఒకటే ఉండక్కర్లేదు. "ఫ్రేములో ఉన్నది ఉన్నట్టు చదవాలి కదా" అని కమిటీ వాళ్ళు అడిగితే, చివరి సమర్పణ వాక్యం రెండింటిలోనూ ఒకేలా పెట్టండి. నేను చదివిన సభల్లో అంతకు మించి ఎవరూ పట్టుబట్టలేదు.

## 2. వివరాలు ఇంటికి వెళ్ళి తెచ్చుకోండి

కమిటీ వాళ్ళు ఇచ్చే బయోడేటాతో పత్రం రాయకండి. అందులో పుట్టిన తేదీ, చదువు, అందుకున్న అవార్డులు ఉంటాయి. మనిషి పని ఎలా చేస్తారో ఉండదు.

వీలైతే ఇంటికి వెళ్ళండి, కుదరకపోతే ఫోనులో అరగంట మాట్లాడండి. నేను అడిగేవి ఇవి:

- పొద్దున్న పని మొదలుపెట్టగానే ముందు చేతిలోకి తీసుకునే వస్తువు ఏది?
- ఈ పని ఎవరి దగ్గర, ఎన్నో ఏట నేర్చుకున్నారు?
- మీ దగ్గర ఎవరు నేర్చుకున్నారు? వాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు?
- పని చెడిపోయినప్పుడు ఏం చేస్తారు?
- సభలో చదవకూడని విషయం ఏమైనా ఉందా?

మొదటి ప్రశ్నకి పొందూరులో వచ్చే జవాబు చూడండి: వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నటి పళ్ళతో పత్తిని దువ్వి, ఆ తర్వాతే గింజ తీసి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. ఈ ఒక్క వస్తువు చాలు, సభ మొత్తం తల ఎత్తి వింటుంది. "ఖాదీ రంగానికి విశేష సేవలు" అన్న మాటలకు ఎవరూ తల ఎత్తరు.

చివరి ప్రశ్నను ఎప్పుడూ వదలకండి. ఒకసారి ఒక కళాకారిణికి పత్రం చదువుతూ "భర్త అందిస్తున్న ప్రోత్సాహంతో" అన్నాను. కమిటీ ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. ఆవిడ ఏమీ అనలేదు, కొంగు కళ్ళకి అద్దుకున్నారు. మిగతా పత్రం నేను ఏం చదివానో నాకు గుర్తు లేదు. అప్పటి నుంచి ముందు రోజు రాత్రి ఇంట్లో వాళ్ళకి ఫోన్ చేసి, పత్రంలో ఉన్న ప్రతి మనిషి ప్రస్తావనా వాళ్ళకి చదివి వినిపించకుండా పడుకోలేదు.

అదే ఫోనులో పేరు కూడా వాళ్ళ నోటితో చెప్పించుకుని రికార్డు చేసుకోండి. ఇంటిపేరులో "ల"నా "ళ"నా, "న"నా "ణ"నా, దీర్ఘం ఎక్కడ ఉంది అన్నది కాగితం మీద తప్పుగా టైపయ్యే అవకాశం ఎక్కువ. ఇంటిపేరు తప్పు పలికితే వెనక వరుసలో కూర్చున్న బంధువులందరికీ ఒకేసారి తెలిసిపోతుంది.

## 3. ముందు నిడివి, తర్వాత రాత

ఎంతసేపు అన్నది రాయకముందే తేల్చుకోవాలి. ఒకరికే సన్మానమైతే రెండు నుంచి రెండున్నర నిమిషాలు. నలుగురైదుగురు ఉంటే ఒక్కొక్కరికి ఒక నిమిషం. మూడు నిమిషాలు దాటితే వేదిక మీద పెద్దలు వాచీలు చూసుకుంటారు, వింగులో డాన్సు వేషాలతో నిలబడ్డ పిల్లలు గోల మొదలుపెడతారు.

ఇక నిమిషానికి ఎన్ని మాటలు? తెలుగు మాటలు పొడుగు. "నేర్చుకుంటున్నారు" అన్నది ఒక్క మాటే, కానీ పలకడానికి ఆరు అక్షరాల కాలం పడుతుంది. అందుకని ఇంగ్లీషు ప్రసంగాలకి చెప్పే లెక్కలు మనకి పనికిరావు. సభలో, మైకులో, నిదానంగా చదివితే నాకు నిమిషానికి 80 మాటలు పడతాయి. మీ లెక్క మీరే తీసుకోండి: ఏదైనా వార్తని గట్టిగా, సభకి చదివినట్టు ఒక నిమిషం చదివి, ఎక్కడ ఆగారో అక్కడిదాకా మాటలు లెక్కపెట్టండి.

రెండు నిమిషాలంటే నా లెక్కన 160 మాటలు. కానీ అన్ని మాటలూ రాయకూడదు. విరామాలకి, చప్పట్లకి కలిపి అరనిమిషం పోతుంది. కాబట్టి 120, 130 మాటల దగ్గర ఆపేయాలి. కాగితం మీద ఇది చాలా తక్కువగా కనిపించి కమిటీ వాళ్ళు "ఇంకొంచెం రాయండి" అంటారు. వాళ్ళ ఎదుటే గడియారం పెట్టి ఒకసారి చదివి వినిపించండి.

## 4. ఐదు మెట్ల నిర్మాణం

చెవికి చేరే పత్రానికి ఈ వరుస పనిచేస్తుంది.

మొదటి మెట్టు, ఎవరు, ఎందుకు. ఒకటి రెండు వాక్యాలు. పురస్కారం పేరు, ఊరు, మనిషి పూర్తి పేరు. పేరును చివరిదాకా దాచిపెట్టి ఒక్కసారిగా చెప్పే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మన సభల్లో దానివల్ల లాభం లేదు. ఫ్లెక్సీ మీద ఫోటో ఉంటుంది, మనిషి వేదిక మీద కుర్చీలో కూర్చుని ఉంటారు. పేరు ముందే, స్పష్టంగా చెప్పండి.

రెండో మెట్టు, ఒక దృశ్యం. ఆ మనిషి పనిలో ఉండగా కనిపించే ఒక్క వస్తువు, ఒక్క కదలిక. రెండు మూడు చిన్న వాక్యాలు.

మూడో మెట్టు, పని లోతు. ఎన్నేళ్ళు, ఎంత నైపుణ్యం. ఇక్కడ అంకెలు రెండు మూడుకి మించకూడదు.

నాలుగో మెట్టు, ఎవరికి మేలు జరిగింది. చప్పట్లు రావలసిన చోటు ఇదే. మేలు పొందినవాళ్ళు సభలో ఉంటే ఆ మాట చెప్పండి, జనం వెనక్కి తిరిగి చూస్తారు.

ఐదో మెట్టు, సమర్పణ. ఇప్పటిదాకా సభకి చెప్పారు, "ఆమె", "వారు" అన్నారు. ఇప్పుడు సన్మానితుల వైపు తిరిగి "మీరు" అనండి. పత్రం మొత్తం "మీరు మీరు" అని చదివితే చదివేవారు మాటిమాటికీ పక్కకి తిరుగుతారు, నోరు మైకుకి దూరమై సగం మాటలు వినపడవు. ఒక్కసారే, చివర్లో తిరిగితే ఆ తిరగడానికే ఒక బరువు వస్తుంది.

పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చదువు, ఉద్యోగాల జాబితా ఎక్కడ అని అడుగుతారు. అవి ఫ్రేము ప్రతిలో ఉంటాయి. ఇంట్లో వాళ్ళు తల్లిదండ్రుల పేర్లు తప్పకుండా చదవమంటే మూడో మెట్టు మొదట్లో ఒక్క వాక్యంలో పెట్టండి.

## 5. ఒకే మనిషికి రెండు పత్రాలు

ముందు మామూలుగా వచ్చేది చూద్దాం:

"బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరులు, మృదుస్వభావి అయిన శ్రీమతి (పేరు) గారు చిన్ననాటి నుంచే చేనేత పట్ల మక్కువ పెంచుకుని, తల్లి వద్ద శిక్షణ పొంది, అంచెలంచెలుగా ఎదిగి, ఎన్నో ఒడిదుడుకులను ఎదుర్కొని, ఎందరికో స్ఫూర్తిగా నిలిచి, ఖాదీ రంగానికి విశేష సేవలందించి అందరి మన్ననలు పొందినారు."

ఇది గట్టిగా చదివి చూడండి. "పెంచుకుని, పొంది, ఎదిగి, ఎదుర్కొని, నిలిచి, అందించి" అంటూ ఆరు అసమాపక క్రియలు. అసలు క్రియ చివర్లో ఎక్కడో ఉంది, అక్కడికి చేరేలోపు ఊపిరి అయిపోతుంది, వినేవాడికి మొదలు మర్చిపోవడం జరుగుతుంది. పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది కూడా.

ఇంకో తప్పు ఉంది, అది పొందూరు వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఆవిడ వడుకుతారు, నేయరు. వడకడం వేరు, నేయడం వేరు, చాలావరకు మనుషులూ వేరే. "చేనేత" అనగానే వాళ్ళ ఊరి వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పని పేరు ఆ పని చేసేవాళ్ళు ఏమంటారో అదే రాయాలి.

ఇప్పుడు చదివే ప్రతి. ఒక గీత ఉన్నచోట చిన్న విరామం, రెండు గీతలున్నచోట పూర్తి ఊపిరి.

సభకు నమస్కారం. / ఈ ఏటి సేవా పురస్కారం అందుకుంటున్నవారు, / పొందూరు నుంచి వచ్చిన / శ్రీమతి (పూర్తి పేరు) గారు. //

పొందూరులో ఆమె ఇంటి అరుగు మీద / పొద్దున్నే ఒక చిన్న ఎముక కనిపిస్తుంది. / అది వాలుగ చేప దవడ. // దాని సన్నటి పళ్ళతో ఆమె పత్తిని దువ్వుతారు. / చెత్త రాలిపోతుంది, / పోగు సాపవుతుంది. / ఆ తర్వాతే రాట్నం తిరుగుతుంది. //

పన్నెండో ఏట / తల్లి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకున్నారు. / ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. // ఆమె వడికే నూలు నూరో నంబరు దాటుతుంది. / నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. / ఆ దారాన్ని వేళ్ళతో తడిమి చూడాలే గాని, / దూరం నుంచి కంటికి ఆనదు. //

వీధిలో ఈ పని వదిలేసేవాళ్ళు పెరిగిన రోజుల్లో / ఆమె తన అరుగు మీదే పద్నాలుగు మందికి నేర్పారు. / వాళ్ళలో తొమ్మిది మంది ఇవాళ్టికీ వడుకుతున్నారు. // ముగ్గురు, / ఈ సభలో కూర్చుని ఉన్నారు. // (చప్పట్లు. ఆగు.)

అమ్మా, // నూలు తెగితే ఏం చేస్తారని అడిగితే / "మళ్ళీ కలుపుతాను, ఏం చేస్తాను" అన్నారు మీరు. // ఆ ఓపికకు, / మీ దగ్గర నేర్చుకుని ఇంకా వడుకుతున్న ఆ తొమ్మిది మందికీ / మా సంఘం నమస్కరిస్తోంది. // ఈ సన్మాన పత్రాన్ని / మీ చేతుల్లో పెడుతున్నాం. //

సుమారు 125 మాటలు. ఆగుతూ చదివితే రెండు నిమిషాలు దాటుతుంది.

రెండు సంగతులు గమనించండి. "నూరో నంబరు" అన్న వెంటనే దాని అర్థం చెప్పే వాక్యం ఉంది. వృత్తి మాట ఏదైనా సభలో వాడితే పక్క వాక్యంలోనే అర్థం తెలిసేలా ఉండాలి, లేకపోతే దాన్ని తీసేయాలి. రెండోది, ఎక్కడా "గొప్ప" అన్న మాట లేదు. పద్నాలుగు మందికి నేర్పారు అన్నాక ఆ మాట సభే అనుకుంటుంది.

## 6. కాగితం ఎలా ఉండాలి

అక్షరం సైజు 18 పాయింట్లకి తగ్గకూడదు. స్టేజీ మీద వెలుతురు ఎలా ఉంటుందో ముందు తెలియదు. వరుసను మార్జిను చివర్లో కాకుండా ఊపిరి ఆగేచోట విరవండి, అంటే గీత ఉన్న ప్రతిచోటా కొత్త వరుస. కన్ను ఎగిరిపోయినా తిరిగి సరైన వరుస దొరుకుతుంది.

పేజీ కింది మూడో వంతు ఖాళీగా వదిలేయండి. అక్కడిదాకా చదవాలంటే తల వంచాలి, తల వంచితే గొంతు మూసుకుపోతుంది, మైకు నుంచి నోరు తప్పిపోతుంది. వాక్యం సగంలో పేజీ తిరగకూడదు. రెండు పేజీలైతే పిన్ను కొట్టకుండా పక్కపక్కన పెట్టుకోండి.

అంకెలన్నీ అక్షరాల్లో రాసుకోండి. 1969 అని ఉంటే కంగారులో "ఒకటి తొమ్మిది ఆరు" అని నోరు మొదలుపెడుతుంది. "పంతొమ్మిది వందల అరవై తొమ్మిది" అని రాసి ఉంటే తడబాటు ఉండదు. పేరును విడగొట్టి, దీర్ఘాలు తెలిసేలా పెన్నుతో పెద్దగా రాసుకోండి.

మామూలు కాగితం పెడెస్టల్ ఫ్యాను గాలికి ఎగురుతుంది. శుభలేఖల మందంలో ఉండే అట్ట మీద ప్రింట్ తీయించండి, లేదా పరీక్ష అట్ట వాడండి.

## 7. వేగం, విరామం

వేగం పెరిగేది భయం వల్ల మాత్రమే కాదు. "తొందరగా కానివ్వండి" అని ఎవరో పక్కనుంచి చీటీ ఇస్తారు. అప్పుడు అందరూ చేసేది స్పీడుగా చదవడం. అలా చేయకండి. ముందే ఒక పేరాకి చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోండి, అవసరమైతే అది వదిలేసి మిగతాది అదే నిదానంతో చదవండి. మన ఉదాహరణలో మూడో పేరా అలా వదిలేయొచ్చు. రెండో పేరా, నాలుగో పేరా వదలకూడదు.

మొదటి వాక్యానికి ముందు ఆగాలి. మైకు దగ్గరకి వచ్చి, కాగితం సర్దుకుని, సభని చూసి, లోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి. గుసగుసలు ఆ మూడు అంకెల్లోనే తగ్గుతాయి. మాట్లాడుతూ తగ్గించాలంటే రెండు వాక్యాలు వృథా అవుతాయి.

పేరుకు ముందు ఒక చిన్న విరామం, పేరు తర్వాత పూర్తి విరామం. పేరు చదివేటప్పుడు మాత్రం మిగతా వాక్యం కంటే ఇంకా నిదానంగా, ఇంటిపేరు, పేరు విడివిడిగా. చాలామంది పేరు దగ్గరే స్పీడు పెంచుతారు, ఎందుకంటే అది వాళ్ళకి తెలిసిన మాట.

వాక్యం చివర గొంతు పడిపోకుండా చూసుకోండి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. "నేర్పారు" అన్నది మింగేస్తే, పద్నాలుగు మందికి ఏం చేశారో వెనక వరుసకి తెలియదు. సాధన చేసేటప్పుడు ఒకసారి చివరి మాటలు మాత్రమే చదవండి: కనిపిస్తుంది, దువ్వుతారు, తిరుగుతుంది, నేర్పారు. అన్నీ సమాన బలంతో వినపడాలి.

చప్పట్లు వచ్చినప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆగక్కర్లేదు. చప్పుడు సగానికి తగ్గుతుండగా తర్వాతి వాక్యం మొదలుపెట్టండి. చప్పట్లు రావలసిన చోట రాకపోతే రెండు క్షణాలు చూసి ముందుకు వెళ్ళండి. "చప్పట్లు కొట్టాలి" అని అడగొద్దు. కుర్చీలో కూర్చున్న పెద్దావిడకి అది ఇబ్బంది.

ఆరుబయట గొట్టం మైకులు కట్టిన చోట మీ గొంతు మీకే ఆలస్యంగా వెనక్కి వినిపిస్తుంది. అక్కడ ఒక్కో గీత దగ్గర విరామాన్ని రెట్టింపు చేయండి. ఆ వెనక్కి వచ్చే మాట అయిపోయాక మాత్రమే తర్వాతి మాట. నిడివి పెరుగుతుంది కాబట్టి ఆరుబయట సభలకి ఓ ఇరవై మాటలు ముందే తగ్గించి రాయండి.

## 8. వేదిక మీద ఎవరు ఎప్పుడు ఏం చేయాలి

పత్రం ఎంత బాగా రాసినా ఈ వరుస తప్పితే ఎవరూ వినరు. ఎక్కువ సభల్లో చదవడం మొదలవగానే శాలువా కప్పేస్తారు. వెంటనే ఫోటోగ్రాఫర్ ముందుకి వస్తాడు, బంధువులు ఫోన్లు పట్టుకుని లేస్తారు, పదిమంది వేదిక ఎక్కుతారు. చదివేవారు ఒక మూల మైకులో ఎవరికీ వినపడకుండా మిగిలిపోతారు.

వరుస ఇలా పెట్టించండి:

- వ్యాఖ్యాత సన్మానితుల్ని పిలుస్తారు. వాళ్ళు వచ్చి వేదిక మధ్య కుర్చీలో కూర్చుంటారు.
- శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫ్రేము పళ్ళెంలో సిద్ధంగా, పట్టుకున్న మనిషి వింగులో.
- పత్రం చదవడం. ఈ రెండు నిమిషాలు ఇంకేమీ జరగదు.
- "మీ చేతుల్లో పెడుతున్నాం" అనగానే పళ్ళెం వస్తుంది. ముఖ్య అతిథి, అధ్యక్షులు లేస్తారు.
- దండ, శాలువా, ఫ్రేము, జ్ఞాపిక, ఫోటో.
- సన్మానితుల స్పందన.

పళ్ళెం పట్టుకునే మనిషికి, వ్యాఖ్యాతకి, ఫోటోగ్రాఫర్‌కి ముగ్గురికీ పత్రం చివరి వాక్యం చీటీ మీద రాసి ఇవ్వండి. "ఈ మాట వినపడగానే కదలాలి" అని చెప్పండి. ఫోటోగ్రాఫర్‌కి ఇంకో మాట కూడా చెప్పాలి: చదివేటప్పుడు తీయాలనుకుంటే పక్కనుంచి తీయమని. ఆయన ఎదురుగా నిలబడితే సన్మానితులు ఆయన్నే చూస్తారు, పత్రాన్ని వినరు.

వ్యాఖ్యాత పరిచయం కూడా ముందే చూడండి. పిలిచేటప్పుడే ఆయన "వాలుగ చేప దవడతో పత్తి దువ్వే..." అని మొత్తం చెప్పేస్తే మీ రెండో మెట్టుకి విలువ ఉండదు. పిలుపులో పేరు, ఊరు చాలు.

పెద్దవాళ్ళకి సన్మానమైతే దాన్ని పిల్లల డాన్సుల తర్వాతకి పెట్టొద్దని కమిటీకి చెప్పండి. పొందూరు వెళ్ళే మనిషి బస్సు గురించి ఆలోచిస్తూ కుర్చీలో కూర్చుంటే మీరు చదివేది ఏదీ చెవికి ఎక్కదు.

## 9. మూడు రోజుల సాధన

మూడు రోజుల ముందు గట్టిగా చదివి, నోరు తిరగని మాటలన్నీ మార్చేయండి. రెండుసార్లు తడబడిన మాట సభలో మూడోసారి కూడా తడబడుతుంది.

రెండు రోజుల ముందు ఫోనులో రికార్డు చేసి, కాగితం చూడకుండా వినండి. ఎక్కడ మనసు పక్కకి పోయిందో అక్కడ వాక్యం పొడుగైందని అర్థం. నాకు పది పన్నెండు మాటలు దాటిన వాక్యం దగ్గరే ఇలా జరుగుతుంది.

ముందు రోజు విషయం తెలియని ఒకరికి, ఇంట్లో అమ్మకో పిల్లాడికో వినిపించి, "ఆవిడ ఏం చేస్తారు?" అని అడగండి. "చేప ఎముకతో పత్తి దువ్వి నూలు తీస్తారట, కొందరికి నేర్పారట" అంటే పత్రం సిద్ధమైనట్టే. "చాలా మంచావిడట" అంటే మళ్ళీ రాయాలి.

సభ రోజు సంచీలో ఉండాల్సినవి:

- చదివే ప్రతి రెండు కాపీలు, ఒకటి వ్యాఖ్యాత దగ్గర
- పరీక్ష అట్ట లేదా మందపాటి కాగితం
- కళ్ళజోడు
- పేరు రికార్డింగు, సభకి గంట ముందు ఇంకోసారి వినడానికి
- చివరి వాక్యం చీటీలు మూడు
- చిన్న టార్చి

## 10. వేదిక మీద జరిగే పొరపాట్లు, వెంటనే చేయాల్సినవి

పేరు తప్పు పలికారు. ఆగి, "క్షమించాలి" అని, సరైన పేరు ఒకసారి స్పష్టంగా చెప్పి అక్కడినుంచే కొనసాగండి. ఎందుకు తప్పిందో వివరించొద్దు. గమనించనట్టు వెళ్ళిపోవడం మాత్రం అసలు చేయొద్దు. వాళ్ళు ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటారు.

వరుస తప్పిపోయింది. తల ఎత్తి సభని చూడండి, కాగితం మీద వేలు పెట్టి వెతుక్కోండి. మూడు క్షణాల మౌనం మీకు పొడుగ్గా అనిపిస్తుంది, సభకి అది విరామంలాగే ఉంటుంది.

మైకు ఆగిపోయింది లేదా కరెంటు పోయింది. గట్టిగా అరుస్తూ చదవొద్దు. ఆ పేరా మొదటికి వేలు పెట్టుకుని ఆగండి. వచ్చాక పేరా మొదటినుంచే మళ్ళీ చదవండి. ఐదు నిమిషాలైనా రాకపోతే ముందుకు నడిచి, మొదటి పేరా, చివరి పేరా మాత్రం గొంతెత్తి చదివి పత్రం అందించండి.

మధ్యలో మంత్రిగారో ఎమ్మెల్యేగారో వచ్చారు. సభంతా లేస్తుంది. మీరు ఆపండి. వాళ్ళు కూర్చున్నాక ఆగిన చోటునుంచి కాకుండా "శ్రీమతి ఫలానా గారి సన్మాన పత్రం చదువుతున్నాం" అని ఒక్క మాట చెప్పి, ఆ పేరా మొదటినుంచి చదవండి. వచ్చినవారికి కూడా ఎవరి గురించో తెలియాలి.

సన్మానితులు ఏడ్చారు. సమర్పణ పేరా దగ్గర ఇది తరచూ జరుగుతుంది. చదవడం ఆపి, వాళ్ళ వైపు చూస్తూ ఉండండి. మంచినీళ్ళు ఇవ్వమని పక్కవాళ్ళకి సైగ చేయండి. వాళ్ళు తల ఎత్తి మీ వైపు చూసినప్పుడు మిగిలిన వాక్యం చదవండి.

చదివినదానిలో ఒక వివరం తప్పని సన్మానితులే చెప్పారు. "పద్నాలుగు కాదు బాబూ, పదహారు మంది" అని కుర్చీలోంచి అంటారు. అదే మాట మైకులో చెప్పండి: "అమ్మ సరిచేస్తున్నారు, పదహారు మంది." తర్వాత ఫ్రేము ప్రతి చూసుకోండి. అందులోనూ తప్పు ఉంటే ఆ రోజు ఫోటో కోసం అదే ఇచ్చి, వారంలోగా సరిచేసిన ఫ్రేమును పొందూరు వెళ్ళి ఇచ్చి రండి.